క్యాలెండరక్కకు అందని పిలుపులు

ఆ భవనంలో ఎవరికి ఏ మీటింగు తప్పిపోయినా ముందు కంప్యూటర్‌ను తిడతారు, ఆ తర్వాత క్యాలెండరక్కకు ఫోన్ చేస్తారు. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది కానీ, అది జీతాల విభాగానికి తప్ప ఇంకెవరికీ అవసరం పడలేదు. ఏళ్ళ తరబడి ఆమె కూర్చుంటున్నది నేలమాళిగలో, కార్లు నిలిపే చోటుకు ఆనుకుని ఉన్న గదిలో. ఆ గదికి కిటికీ లేదు. పైకప్పుకు దగ్గరగా జాలీ బిగించిన సందు ఒకటుంది. అందులోంచి వచ్చేపోయేవాళ్ళ బూట్లూ చెప్పులూ కనిపిస్తాయి. బయట వాన పడుతోందో లేదో ఆమె ఆ బూట్లను చూసి తెలుసుకునేది.

గదిలో రెండు బల్లలు. ఒకటి ఆమెది, రెండోది సూపర్‌వైజర్‌ది. ఆయన్ని అందరూ పెద్దసారు అంటారు. ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టడానికి ఒక బకెట్టు. ఆ గదికున్న శాసనం ఒకటే: ఫోన్ దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండాలి. పెద్దసారు టీకి వెళ్తే ఆమె కదలకూడదు. ఆమె కదలాలంటే పెద్దసారు కూర్చుని ఉండాలి. పెద్దసారు టీలకు లెక్కాపత్రం లేదు. ఆమె టీ మాత్రం బల్ల మీదకే వచ్చి, అక్కడే చల్లారేది.

పని మాత్రం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఒక డైరెక్టరుగారు తన మీటింగులన్నీ అర్ధరాత్రి పడుతున్నాయని గోలపెట్టాడు. చూస్తే, ఆయన విదేశం వెళ్ళొచ్చాక లాప్‌టాప్‌లోని గడియారం ఆ దేశంలోనే ఉండిపోయింది. మనిషి దిగాడు, గడియారం దిగలేదు. కొనుగోళ్ళ విభాగంలో ఒకాయనకు బయటివాళ్ళు పంపే ఆహ్వానాలు క్యాలెండర్‌లోకి ఎక్కేవి కావు. బయటి నుంచి వచ్చే ప్రతి మెయిల్ చివరా ఒక హెచ్చరిక అతికించే యంత్రం దారిలో ఉంది. ఆ తోక అతికించే హడావుడిలో అది ఆహ్వానాన్ని విప్పి మళ్ళీ కట్టేది. కట్టేటప్పుడు, ఇది ఆహ్వానం అని చెప్పే గుర్తు పోయి, మామూలు అటాచ్‌మెంటుగా మిగిలేది. ఆహ్వానాలను ముట్టుకోవద్దని ఆ యంత్రానికి చెప్పించేసరికి ఆమెకు తాతలు దిగొచ్చారు.

ఇంకొకావిడ తనకు ఆహ్వానాలే రావడం లేదని కంటతడి పెట్టింది. ఆవిడ సెలవు మీద వెళ్తూ తన క్యాలెండర్‌ను అసిస్టెంటుకు అప్పగించి, తిరిగి తీసుకోవడం మరిచిపోయింది. ఆవిడకు వచ్చేవన్నీ నేరుగా ఆ అసిస్టెంటు మెయిల్‌లోకి పోతున్నాయి. అప్పటినుంచి ఎవరు ఫోన్ చేసి ‘మీటింగు పిలుపు రాలేదు’ అన్నా క్యాలెండరక్క మొదట అడిగే ప్రశ్న ఇదే: “మీ క్యాలెండర్ ఇంకెవరి చేతిలోనైనా ఉందా?” పది మందిలో ఒకరికి జబ్బు అక్కడే తేలిపోయేది.

ఇంత తెలిసిన మనిషికి ఒక దిగులుండేది. తనను ఎవరూ దేనికీ పిలవరు. పై అంతస్తుల్లో శిక్షణ తరగతులు జరిగేవి, వీడ్కోలు సభలు జరిగేవి, ఎవరికో పాప పుట్టిందని కేకు కోసేవారు. అవన్నీ ఆమెకు మర్నాడు లిఫ్టులో తెలిసేవి. ఆమె క్యాలెండర్‌లో పెద్దసారు పెట్టిన వారపు మీటింగూ, షిఫ్టు వేళలూ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఇంట్లో ఆమె భర్త, బస్సుల మెకానిక్కు, అన్నం తింటూ ఎగతాళి చేసేవాడు, ఊరందరికీ పిలుపులు పంచేదానివి, నీకు మాత్రం ఒక్కటీ రాదేమే అని. ఆమె నవ్వేసేది. పిలవని పేరంటానికి పోయే రకం కాదు ఆమె. పోనీ పిలవనివాళ్ళతో మాట్లాడటం ఎందుకని మెల్లగా మాటలు కూడా తగ్గించుకుంది.

అన్నిటికంటే గుచ్చుకున్నది పాత నేస్తం సంగతి. ఒకప్పుడు ఇద్దరూ ఆ నేలమాళిగలోనే పక్కపక్కన కూర్చునేవారు. నేస్తం పై అంతస్తుకు మారింది, ఈమధ్యే పదవీ విరమణ చేసింది. ఆ వీడ్కోలు టీకి నేస్తం తనను పిలవలేదు. ఆఖరి రోజున లిఫ్టులో ఎదురుపడితే ఆమె ముఖం తిప్పుకుంది. నేస్తం కూడా తిప్పుకుంది. ఆమెకు అది ఇంకా మండింది. తప్పు చేసినదానికే అంత రోషమా అని.

ఈ ఏడు ఐదో అంతస్తులోని శిక్షణ విభాగంలో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. కొత్తగా చేరినవాళ్ళకు మెయిలూ క్యాలెండరూ నేర్పడం ఆ పని. ఆ గదికి మూడు వైపులా కిటికీలున్నాయి. ఆమె ఒకసారి ప్రింటరు బాగుచేయడానికి వెళ్ళి ఆ కిటికీల దగ్గర నిలబడి, రోడ్డు మీద మనుషుల తలలు చూసింది. ఇన్నేళ్ళూ కాళ్ళే చూసిన మనిషికి అదొక పండగ. దరఖాస్తు పెట్టింది. వడపోతలో నిలిచినవాళ్ళకు పడమటి దేశంలోని ప్రధాన కార్యాలయం నుంచి వీడియో ఇంటర్వ్యూకు పిలుపు వస్తుందన్నారు. వారాలు గడిచాయి, పిలుపు రాలేదు. ఆ ఉద్యోగపు వయసు పరిమితి దాటకముందు ఇదే ఆఖరి ఏడు. ఇది తప్పితే మిగిలిన ఉద్యోగమంతా ఆ బకెట్టు పక్కనే. రాత్రిళ్ళు పక్కమీద పడుకుని ఆమె తనలో తాను అనుకుంది, నువ్వు ఆ గదిలోనే ముసలిదానివైపోతావు అని. పైకి ఎవరితోనూ అనలేదు.

ఒకరోజు మధ్యాహ్నం పద్దుల విభాగం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ప్రధాన కార్యాలయం పిలిచిన మీటింగుకు నిన్న సరిగ్గా రెండింటికి వీడియోలో చేరిందట. ఒక్క నరపురుగు కూడా లేదట. తర్వాత వాళ్ళే, మీరెందుకు రాలేదని నిలదీశారట. క్యాలెండరక్క తన మొదటి ప్రశ్న అడిగింది, ఎవరి చేతిలోనూ లేదని ఆవిడ చెప్పింది. లాప్‌టాప్ గడియారం చూడమంది, సరిగానే ఉంది. అయితే ఆ ఆహ్వానాన్నే పంపించమని, దాన్ని విప్పి లోపలి రాత చూసింది.

క్యాలెండర్ ఆహ్వానం పైకి ముద్దుగా కనిపిస్తుంది కానీ, లోపల ఉత్త అక్షరాలే. ఎవరు పిలిచారు, ఎవరిని పిలిచారు, ఏ రోజు, ఏ వేళ అని వరసగా ఉంటాయి. వేళ పక్కన అది ఏ ప్రాంతపు వేళో చెప్పాలి, లేదా లోకమంతటికీ ఒకటే అయిన ఉమ్మడి గడియారంలోనైనా రాయాలి. ఇందులో ఆ రెండూ లేవు. రెండు గంటలు అని మాత్రం ఉంది. అలాంటప్పుడు చూసేవాళ్ళ కంప్యూటరు దాన్ని తన ఊరి రెండు గంటలనే అనుకుంటుంది. ప్రధాన కార్యాలయం గడియారం ఇక్కడికంటే మూడు గంటలు వెనక. వాళ్ళ రెండు అంటే ఇక్కడ ఐదు. అక్కడివాళ్ళకు అది ఎప్పుడూ సరిగానే కనిపిస్తుంది కాబట్టి, తప్పుందని వాళ్ళకు కలలో కూడా తోచదు.

పెద్దసారు టీకి వెళ్ళి ఉన్నాడు. ఆమె ఆ కార్యాలయంలో మీటింగులు కుదిర్చే గుమస్తాకు ఫోన్ చేసింది. ఈ ఆహ్వానాలు పంపేది తాము కొత్తగా పెట్టించిన బుకింగ్ సాఫ్ట్‌వేర్ అని అతను చెప్పాడు. గంట రాశారు కానీ ఏ ఊరి గంటో రాయలేదని ఆమె విడమరిచి చెప్పింది. అతను అన్నీ రాసుకున్నాడు. ఫోన్ పెట్టబోతూ ఆమె ఎవరని అడిగాడు, ఆమె చెప్పింది.

“మీరేనా మేడమ్? ఈరోజు శిక్షణ ఇంటర్వ్యూకి రానన్నది మీరే కదా?”

తనకు పిలుపే రాలేదని ఆమె అంది. అతను వెతికి చూశాడు. పిలుపు వెళ్ళింది. జవాబు కూడా వచ్చింది, రానని. ఆమె తరఫున ఆమె సూపర్‌వైజర్ ఇచ్చిన జవాబు.

“మీరే చెప్పించారనుకున్నాం మేడమ్. అందరూ అంతే అనుకుంటారు కదా.”

జాలీ సందులోంచి ఎవరివో ఎర్ర చెప్పులు పోయాయి. ఇంటర్వ్యూ ఎన్నింటికని చివరికి అడిగింది. రెండింటికని అతను చెప్పాడు. గోడ గడియారంలో మూడున్నర దాటింది. అయిపోయిందనుకుంది. ఇప్పుడే తన నోటితో తానే చెప్పిన సంగతి తనకే గుర్తురావడానికి ఒక క్షణం పట్టింది. వాళ్ళ రెండు. ఇక్కడ ఐదు. ఇంకా దాటిపోలేదు.

తాను వస్తానని ఆమె చెప్పింది. ఆ వేళ ఇంకెవరికీ ఇవ్వలేదని, అయినా ప్యానెల్‌ను అడగాలని అతను అన్నాడు. వీడియో లింకును మామూలు మెయిల్‌లో, ఆహ్వానంగా కాకుండా, పంపమని ఆమె బతిమాలింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆమె క్యాలెండర్ ఆహ్వానం వద్దన్నది అదే మొదటిసారి.

తర్వాత తన సొంత మెయిల్ సెట్టింగులు తెరిచింది. దీపం కిందే చీకటి అంటారు. ఆ పేజీని ఆమె ఊరందరి మెయిళ్ళలోనూ తెరిచింది, తన దాంట్లో తెరిచి ఆరేళ్ళయింది. ఆరేళ్ళ కిందట ఆమెకు కడుపులో ఆపరేషన్ జరిగింది. రెండు నెలలు మంచం మీద ఉంది. సెలవుకు వెళ్ళే ముందు తన క్యాలెండర్ పెద్దసారుకు అప్పగించింది. మంచం మీద ఫోన్ మోగకూడదని, పిలుపులు తనకు వద్దు, ఆయనకు మాత్రమే వెళ్ళాలి అన్న చోట గుర్తు పెట్టింది. పెట్టింది తన వేలే. ఆ గుర్తు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆయన ‘వస్తుంది’ అని నొక్కినవి ఆమె క్యాలెండర్‌లో నిలిచేవి. అవి ఆయన సొంత మీటింగులే. ‘రాదు’ అని నొక్కినవి ఆమె చూడకముందే చెరిగిపోయేవి. అందుకే ఆమెకు ఎప్పుడూ అనుమానం రాలేదు. ఖాళీగా ఉన్న క్యాలెండర్‌ను చూసి ఎవరైనా తన బతుకే ఖాళీ అనుకుంటారు గానీ, సెట్టింగు తప్పనుకుంటారా?

మెయిళ్ళు ఎక్కడినుంచి ఎక్కడికి పోయాయో చూపే జాడ ఒకటి సర్వర్లో ఉంటుంది. అది మూడు నెలల వరకే నిలుస్తుంది. ఆమె తన పేరు మీద వెతికింది. ఒక పుట నిండింది. నెట్‌వర్కు శిక్షణ, రాదు. మంచి పనివాళ్ళకు అభినందన సభ, రాదు. ఐదో అంతస్తులో టీ, రాదు. దాని కింద పాత నేస్తం వీడ్కోలు. అదీ రాదు. మూడు నెలలకు ముందువి ఏమున్నాయో, ఎవరు పిలిచారో, ఎవరు నొచ్చుకున్నారో ఇక ఎప్పటికీ తెలియదు. ఆమె ఆ తెర ముందు కూర్చుని ఏడ్చింది. ఏడుస్తుండగానే ఫోన్ మోగింది. ఎత్తింది. ఆ గది శాసనం అలాంటిది.

పెద్దసారు టీ తాగి వచ్చాడు. చెడ్డవాడైతే గొడవే లేకపోయేది. ఆపరేషన్ రోజుల్లో రెండు నెలలూ ఆమె ఫోన్లు కూడా తానే ఎత్తినవాడు. ఆస్పత్రికి పళ్ళు పట్టుకొచ్చినవాడు. ఆమెను తల్లీ అని తప్ప పిలవనివాడు. ఆ మేలు ఆమె మెడలో తాడులా ఉంది. అది గట్టిగా బిగిసిందని ఇప్పుడే తెలిసింది. ఆమె తెరను ఆయన వైపు తిప్పింది. ఆయన అద్దాలు తుడుచుకుని, తీరిగ్గా చదివాడు. మొహంలో దొంగతనం ఏమీ లేదు.

“డ్యూటీ టైములో పడినవి తల్లీ. నువ్వు పైకి పోతే ఫోన్ ఎవరు చూస్తారు? నువ్వేగా నా చేతికిచ్చావు.”

“ఇంటర్వ్యూ కూడానా సార్?”

ఆయన కొంచెం నసిగాడు. రెండింటికని ఉంది కదా, అదీ డ్యూటీ టైమే కదా అన్నాడు. అది రెండు కాదు, ఐదు అని ఆమె చెప్పింది. అంటే సాయంత్రం షిఫ్టు ముగిసేవేళ. ఆయన నేలకేసి చూశాడు. కాసేపటికి, ఐదని తెలిసినా అదే నొక్కేవాణ్ణేమో అన్నాడు, ఎవరితోనో చెబుతున్నట్టు. ఆమె వెళ్ళిపోతే ఆ బల్లకు ఇంకెవర్నీ ఇవ్వరని, రిటైరయ్యేదాకా తానొక్కడే ఆ ఫోన్లతో వేగలేనని అన్నాడు. ఆయన భయం ఆమెకు అర్థమైంది. అర్థమైనందుకు ఇంకా కోపం వచ్చింది. తానూ ఆయనా ఒకే బోనులో ఉన్నారు, తాళం మాత్రం తానే చేసి ఇచ్చింది.

ఆమె అరవలేదు. ఆయన ముందే ఆ గుర్తు తీసేసి, ఆయన పేరు చెరిపేసింది. నాలుగు నొక్కులు కూడా కాలేదు. ఆ తర్వాత ఒకటే మాట అంది.

“ఐదింటికి నాకు పిలుపుంది. ఫోన్లు మీరు చూడండి సార్.”

ఐదయ్యేలోపు గుమస్తా మెయిల్ వచ్చింది. ఐదింటికి ఆమె చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఆ బల్ల దగ్గరే కూర్చుంది. వేరే గది ఎక్కడుంది గనక? తెర మీద ముగ్గురు కనిపించారు. ముందు రానని మళ్ళీ ఎందుకొచ్చారని వాళ్ళలో పెద్దావిడ అడిగింది. పిలుపు తన చేతికి రాలేదని, తప్పు తన సెట్టింగులో ఉందని, ఈరోజే కనిపెట్టానని ఆమె చెప్పింది. పెద్దసారు పేరు ఎత్తలేదు. ఎత్తకపోవడం మంచితనమో అలవాటో ఆమెకే తెలియలేదు. పెద్దావిడ కొంచెం నవ్వి, అయితే ఆహ్వానం రాలేదన్నవాళ్ళకు ఏం చూడాలో కొత్తవాళ్ళకు ఎలా నేర్పుతారని అడిగింది.

సరిగ్గా అప్పుడే వెనక ఫోన్ మోగింది. పెద్దసారు ఎత్తాడు. ఎవరికో పిలుపు అందలేదు కాబోలు. అలవాటుగా ఆయన నోటి నుంచి ఆ గది మొదటి ప్రశ్నే వచ్చింది.

“మీ క్యాలెండర్ ఇంకెవరి చేతిలోనైనా...”

అక్కడ ఆగిపోయాడు. హెడ్‌ఫోన్ తగిలించుకున్నా ఆమెకు వినపడింది. తెర మీది ముగ్గురికీ వినపడే ఉంటుంది. ఆమె తెర మీది పెద్దావిడతో, ముందుగా ఆ ప్రశ్నే అడగాలని నేర్పుతానంది. రెండోది, ఆ ప్రశ్న తమకు తామే వేసుకోమని చెబుతానంది.

ఆ రాత్రి ఇంటికెళ్ళి పాత నేస్తానికి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది.

“నోరు తెరిచి రానని చెప్పే తీరిక కూడా లేక, సార్ చేత చెప్పించావనుకున్నానే,” అంది నేస్తం. ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడబోయి, ఇద్దరూ ఆగారు.

ఉద్యోగం వచ్చింది. అయితే ఈ లోకంలో ఏ తలుపూ ఒక్క తాళంచెవితో తెరుచుకోదు. పాత చోటు నుంచి విడుదల కావాలంటే సూపర్‌వైజర్‌తో అప్పగింత మీటింగు ఒకటి జరగాలి. ఆమె కూర్చుని ఆహ్వానం రాసింది. రోజు, వేళ, ఏ ప్రాంతపు వేళో కూడా. ఆరేళ్ళలో ఆమె ఒకరిని పిలవడం అదే మొదలు. పంపింది. రెండు బల్లల మధ్య దూరం చాచిన చెయ్యంత. పిలుపు ఆ దూరం దాటిన సంగతి జాడలో కనిపించింది. జవాబు మాత్రం రాలేదు.

ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. ఆయన పేరు పక్కన ‘ఇంకా చెప్పలేదు’ అనే ఉంది. ఆయన టీకి వెళ్ళేవాడు, వచ్చేవాడు, బకెట్టు పారబోసేవాడు. ఆమె ఫోన్లు ఎత్తేది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తేవారు కారు. పై నుంచి ఐదో అంతస్తువాళ్ళు ఎప్పుడొస్తారని అడుగుతున్నారు. ఇలాగే ఇంకొంతకాలం గడిస్తే తాను అలవాటు పడిపోతుందని ఆమెకు భయం వేసింది. అలవాటు పడటంలో ఆమెను మించినవాళ్ళు లేరు.

వారం తిరిగాక లేచి ఆయన బల్ల ముందు నిలబడింది.

“పిలుపు అందిందా సార్?”

“అందింది తల్లీ.”

“వేళ సరిగానే కనిపిస్తోందా?”

“సరిగానే ఉంది.” ఆయన తెర వైపు చూస్తున్నాడు గానీ చెయ్యి మౌసు మీదకు పోలేదు. “నువ్వే నొక్కేసుకోరాదా? నీకు తెలియని పనా?”

ఆమె తలుచుకుంటే అది సర్వర్లోంచి నిమిషం పని. ఇద్దరికీ తెలుసు.

“మీ తరఫున నేను నొక్కను సార్,” అంది. “మీ జవాబు మీరే చెప్పండి. రానంటే రానని చెప్పండి. నేను వింటాను.”

ఫోన్ మోగింది. ఆమె ఎత్తలేదు. ఆ గదిలో ఎవరూ ఎత్తని మొదటి ఫోన్ అది. మోగి మోగి ఆగింది. పెద్దసారు అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన చెయ్యి మౌసు మీదకు పోయింది. వేలు ఒకసారి నొక్కింది.

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి చూసుకుంది. మెయిల్‌లో ఒక జవాబు వచ్చి ఉంది. పంపినవారి చోట పెద్దసారు పేరు ఒక్కటే ఉంది, ఎవరి తరఫునా కాదు. వస్తానని ఉంది.